గోరు కింద నలుపు: కదిలేది నెత్తురు, కదలనిది రంగు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది పరకాల దగ్గర ఒక పల్లె. మా నాన్నకు 57 ఏళ్లు. ఏడు వారాల కింద ఎనుమాముల మార్కెట్‌లో పత్తి దించుతుంటే ట్రాలీ వెనుక తలుపు పడి కుడిచేతి బొటనవేలు నలిగింది. ఆ రాత్రంతా నొప్పితో నిద్రపోలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర టీటీ ఇంజక్షన్, నొప్పి గోళీలు తీసుకున్నాడు. నాలుగైదు రోజులకు నొప్పి పోయింది కానీ గోరు ఇంకా నల్లగానే ఉంది. ఇప్పుడు గోరు మొదట్లో చంద్రవంకలా కొంచెం తెల్లటి ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో సన్నని గోధుమరంగు గీత ఒకటి కనిపిస్తోంది. అది దెబ్బకు ముందే ఉన్నట్టు గుర్తని అమ్మ అంటోంది. చెడ్డ నెత్తురు తీసేయకపోతే వేలు పాడవుతుందని, సూది కాల్చి గోరుకు రంధ్రం పెడతానని మా బాబాయి అంటున్నాడు. ఇంకొకరు క్యాన్సర్ కావచ్చని భయపెట్టారు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు మీ బాబాయి గారి చేతిలోని సూదిని పక్కన పెట్టించండి. గోరుకు రంధ్రం పెట్టాల్సిన సమయం ఏడు వారాల కిందటే, ఆ మొదటి రాత్రి, మహా అయితే మర్నాడు. ఇప్పుడు పెడితే వచ్చేదేమీ ఉండదు, కొత్తగా చీము పట్టే దారి తప్ప. మీరు రాసినదాంట్లో నాకు ఊరట కలిగించిన మాట ఒకటుంది, తెల్లటి చంద్రవంక. ఆలోచనలో పడేసిన మాట ఇంకొకటుంది, ఆ గోధుమరంగు గీత. ఆ రెండూ ఒకే గోరులో ఉన్నా ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావచ్చు. అందుకే విడివిడిగా చెబుతాను.

ఆ రాత్రి నొప్పి అంత భయంకరంగా ఎందుకు ఉందో తెలిస్తే సూది సంగతి దానంతటదే తేలిపోతుంది. గోరు కింద పలుచని మెత్తటి చర్మం ఉంటుంది, దానికి ఆనుకొని కిందే ఎముక. పైన గట్టి గోరు, కింద గట్టి ఎముక, మధ్యలో రక్తనాళాలు, నరాలు నిండిన ఆ మెత్తటి పొర. చేతి మీద ఇంకెక్కడ దెబ్బ తగిలినా నెత్తురు చేరి వాపు పైకి ఉబుకుతుంది. ఇక్కడ ఉబకడానికి చోటే లేదు. చితికిన నాళాల నుంచి కారిన నెత్తురు ఆ ఇరుకులో చిక్కి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ నరాలను నొక్కుతుంది. నాడి కొట్టినట్టు వేలు టకటకమని పోటు పెట్టడానికి కారణం అదే. చెయ్యి కిందికి వేలాడేస్తే పోటు పెరుగుతుంది, గుండె కన్నా పైకి ఎత్తిపెడితే కొంత తగ్గుతుంది.

కాబట్టి రంధ్రం పెట్టడం ఆ ఒత్తిడిని దించడానికే. నలుపును పోగొట్టడానికి కాదు, వేలు పాడవకుండా ఆపడానికీ కాదు. గోరు కింద చిక్కిన నెత్తురును అలాగే వదిలేసినంత మాత్రాన వేలు కుళ్లదు, అది విషంగా మారదు. అది మీ నాన్నగారి సొంత నెత్తురే, ఎండిపోయిందంతే. ‘చెడ్డ నెత్తురు’ అనే మాట మన పల్లెల్లో జలగల కాలం నుంచి వస్తోంది. ఆ మాట ఎన్ని మంచి గోళ్లను చెడగొట్టిందో లెక్కలేదు.

నొప్పి తట్టుకోలేనంతగా ఉండి, దెబ్బ తగిలి ఒకటి రెండు రోజులు దాటకపోతే రంధ్రం పెట్టడం మేలైన పని. పెట్టగానే ముదురు నెత్తురు చుక్కలు చుక్కలుగా బయటికొస్తుంది, ఒక్క నిమిషంలో మనిషి ముఖం తేటబడుతుంది. 48 గంటలు దాటేసరికి ఆ నెత్తురు చాలావరకు గడ్డకట్టి ఉంటుంది. అప్పుడు రంధ్రం పెట్టినా బయటికి రాదు. నొప్పి కూడా అప్పటికి తనంతట తానే తగ్గుముఖం పడుతుంది. మచ్చ ఎంత పెద్దదైనా సరే, నొప్పి పెద్దగా లేకపోతే మొదటి రోజున కూడా ముట్టుకోనవసరం లేదు. గోరంతా నల్లబడినా నొప్పి లేదంటే దాన్ని వదిలేయడమే వైద్యం.

సరిగా చేసే పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే ఇంట్లో చేసేది దీనికి నకలులా కనిపిస్తుంది కానీ కాదు. ఆసుపత్రిలో ముందు వేలి కదలిక చూస్తారు, దెబ్బ బలంగా ఉంటే ఎక్స్‌రే తీస్తారు. గోరును అయోడిన్ మందుతో శుభ్రం చేసి, నల్లటి మచ్చ మధ్యలో వేడిమొన పరికరంతో గానీ, లావుపాటి సూదిని రెండు వేళ్ల మధ్య బరమాలా మెల్లగా తిప్పుతూ గానీ గోరును తొలుస్తారు. గోటికి నరాలు లేవు కాబట్టి తొలుస్తున్నప్పుడు నొప్పి ఉండదు, మత్తు ఇంజక్షన్ కూడా చాలాసార్లు అక్కర్లేదు. గోరు దాటగానే పట్టు ఒక్కసారి సడలినట్టు చేతికి తెలుస్తుంది, వెంటనే నెత్తురు కనిపిస్తుంది. అక్కడే ఆగాలి. వేడిమొన అయితే ఆ నెత్తురు తగలగానే చల్లబడిపోతుంది, కింది చర్మం కాలదు. రంధ్రం మరీ సన్నగా ఉంటే గంటలోనే మూసుకుపోయి పోటు మళ్లీ మొదలవుతుంది. అందుకే రెండు మూడు మిల్లీమీటర్లు ఉండేలా చేస్తారు, లేదా రెండు రంధ్రాలు పెడతారు. తర్వాత పొడి కట్టు కట్టి, ఒకటి రెండు రోజులు నీళ్లలో నాననివ్వకుండా చూసుకుంటే చాలు.

కాల్చిన పిన్నుతో ఇంట్లో చేసినప్పుడు ఎక్కడ తప్పుతుందంటే, పిన్ను గోటిలోకి దిగేలోపే చల్లారుతుంది. దిగడం లేదని గట్టిగా పొడుస్తారు, అది ఒక్కసారిగా దిగి కింది చర్మంలోకి గుచ్చుకుంటుంది. అంతకంటే పెద్ద చిక్కు ఎముక. బలంగా నలిగిన వేళ్లలో గోరు కింది ఎముక కొస చిట్లి ఉండటం తరచుగా చూస్తాం. పైన గోరు, చర్మం చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఆ చిట్లు మూసి ఉన్న గది లాంటిది, చాలావరకు తనంతట అతుక్కుంటుంది. మురికి సూదితో పైనుంచి రంధ్రం పెడితే ఆ గదికి బయటి నుంచి క్రిములు వెళ్లే దారి ఏర్పడుతుంది. ఇప్పుడు మీ నాన్నగారి గోరు కింద కారేందుకు ద్రవమేమీ లేదు, ఎండిన గడ్డ మాత్రమే ఉంది. ఆయనకు నొప్పి కూడా లేదు. రంధ్రం పెట్టడానికి ఒక్క కారణమూ మిగల్లేదు.

ఇంకో మాట. గోరులో సగానికి మించి నల్లబడితే గోరు మొత్తం పీకి, కింది చర్మాన్ని కుట్టాలని ఒకప్పుడు నియమంగా చెప్పేవారు. ఇప్పటికీ కొన్నిచోట్ల ఆ సలహా వినిపిస్తుంది. ఇప్పుడు మచ్చ సైజు కన్నా గోరు అంచులను ఎక్కువగా చూస్తున్నాం. గోరు విరగకుండా, నాలుగు వైపులా తన చోట్లోనే కూర్చుని ఉంటే, మచ్చ ఎంత పెద్దదైనా రంధ్రం ఒక్కటే సరిపోతుంది. కానీ గోరు చీలినా, మొదట్లో చర్మపు మడత కింద నుంచి గోరు పైకి లేచి వచ్చినా, వేలి కొస వంగిపోయి నిటారుగా చాపలేకపోయినా, కొస మొద్దుబారినా అది రంధ్రంతో తీరే పని కాదు. అదే రోజు ఎముకల డాక్టరు చూడాలి. పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. తలుపు సందులో, షట్టరు కింద వేలు పడిన పిల్లవాడికి గోరు మొదలు పైకి లేచి అక్కడి నుంచి నెత్తురు కారుతుంటే, లోపల ఎముక పెరిగే చోట విరిగి ఉండే అవకాశం ఉంది. అది ఆపరేషన్ థియేటర్‌లో శుభ్రం చేసి సరిచేయాల్సిన గాయం. నల్లబడిందిలే అని పసుపు పెట్టి ఊరుకోకూడదు. మీ ఉత్తరంలో ఇవేమీ లేవు. ఒక్కటి మాత్రం ఇవాళే చూడండి. ఆయన బొటనవేలి కొసను నిటారుగా చాపగలుగుతున్నారా, కొసను నొక్కితే ఎముకలో ఇంకా నొప్పి ఉందా? ఏదైనా తేడా ఉంటే ఇప్పుడైనా ఒక ఎక్స్‌రే తీయించడం మంచిది.

ఇక ఏడు వారాలైనా నలుపు ఎందుకు పోలేదన్న సంగతి. తొడ మీదో, భుజం మీదో కమిలితే ఆ మచ్చ నీలం, ఆకుపచ్చ, పసుపుగా మారి పది పదిహేను రోజుల్లో మాయమవుతుంది. అక్కడి నెత్తురు బతికున్న చర్మం లోపల ఉంటుంది, చుట్టూ ఉన్న కణాలు దాన్ని మింగి, రంగులు విరగ్గొట్టి శుభ్రం చేస్తాయి. గోటి వెనుక చేరిన నెత్తురు చర్మానికి బయట, గోటికి అంటుకుని ఉంటుంది. ఆ కణాలు అక్కడికి చేరలేవు. అందుకే అది ఆకుపచ్చగానో పసుపుగానో మారదు, ముదురు ఎరుపు నుంచి ఊదా, తర్వాత నల్లటి గోధుమ రంగుకు వచ్చి అలాగే ఉండిపోతుంది. దానికి బయటపడే దారి ఒక్కటే: గోటితో పాటు ముందుకు జరిగి, కొసకు చేరి, కత్తిరింపులో పోవడం.

చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొదలు నుంచి కొస దాకా కొత్త గోరు రావడానికి ఆరు నెలలు పడుతుంది. కాలి బొటనవేలికైతే ఏడాది నుంచి ఏడాదిన్నర. పైగా గట్టి దెబ్బ తగిలిన గోరు కొన్ని వారాల పాటు పెరగడం ఆపేసి, తర్వాత మళ్లీ అందుకుంటుంది. మీ నాన్నగారికి మూడు వారాలు అలా పోయాయనుకుంటే, మిగిలిన నాలుగు వారాల్లో మూడు మిల్లీమీటర్ల దాకా కొత్త గోరు వచ్చి ఉండాలి. మీరు రాసిన తెల్లటి చంద్రవంక ఆ కొత్త గోరే. నలుపు వెనుక అంచు ఒంపు తిరిగి ఉండి, దానికీ గోరు మొదటికీ మధ్య శుభ్రమైన గోరు రోజురోజుకూ పెరుగుతోందంటే, ఆ నలుపు చాలావరకు నెత్తురే అన్నమాట. దీపావళికి దెబ్బ తగిలితే ఉగాది దాటే దాకా కొసలో కొంత నలుపు ఉండటం సహజం.

గీత సంగతి వేరు. మన వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గం గుర్తుచేసుకోండి. నేసిన బట్ట మీద చాయ్ ఒలికితే ఆ మరక బట్టతో పాటు ముందుకు జరిగిపోతుంది, వెనుక వచ్చే నేత శుభ్రంగా ఉంటుంది. పడుగులోనే ఒక రంగు దారం ఉంటే, ఎంత నేసినా ఆ గీత వస్తూనే ఉంటుంది. గోరు పుట్టే కుదురు గోరు మొదట్లో, చర్మం మడత కింద దాగి ఉంటుంది. అక్కడ రంగు తయారుచేసే కణాలు మేల్కొంటే, పుట్టే గోటిలో మెలనిన్ కలుస్తూ మొదలు నుంచి కొస దాకా నిలువు గీతగా కనిపిస్తుంది. దెబ్బ తర్వాత పుట్టిన శుభ్రమైన గోటిలో కూడా గీత ఉందంటే, అది పాత నెత్తురు మిగులు అయ్యే అవకాశం తక్కువ. అది కుదురులో తయారవుతున్న రంగు కావచ్చు.

భయపడకముందు ఒక నిజం. మన రంగు చర్మం ఉన్నవాళ్లలో ఇలాంటి గీతలు చాలామందికి ఉంటాయి, వయసుతో పాటు పెరుగుతాయి కూడా. రెండు చేతుల్లో రెండు మూడు గోళ్లకు ఉంటే అది సాధారణంగా పుట్టు లక్షణమే. అదేపనిగా రాపిడి తగిలే వేలికి రావచ్చు. బి12 విటమిన్ తగ్గినా, కొన్ని రకాల మందులు వాడుతున్నా రావచ్చు. దెబ్బ కూడా ఆ కణాలను రేపవచ్చు. కాబట్టి మొదట మీ నాన్నగారి పదివేళ్లూ, కాళ్ల వేళ్లూ వెలుతురులో చూడండి.

అయినా ఆయనను చర్మ వైద్యుడికి చూపించమనే చెబుతాను, రెండు మూడు వారాల లోపు. కారణం మూడు మాటల్లో ఉంది: యాభై దాటిన వయసు, ఒక్కటే వేలు, అదీ బొటనవేలు. గోరు కింద పుట్టే మెలనోమా అనే క్యాన్సర్ అరుదైనది. కానీ వచ్చినప్పుడు ఎక్కువగా ఈ వయసులో, చేతి బొటనవేలికో కాలి బొటనవేలికో వస్తుంది. అది ఆలస్యంగా బయటపడటానికి పెద్ద కారణం ‘అప్పుడెప్పుడో దెబ్బ తగిలిందిలే’ అనే మాట. దెబ్బ తగిలిన జ్ఞాపకం ఉన్నంత మాత్రాన గోటిలోని ప్రతి నలుపూ దెబ్బది అయిపోదు. ఇంకా చెప్పాలంటే, క్యాన్సర్ గడ్డ ఉన్న చోట నెత్తురు కూడా కారవచ్చు కాబట్టి, గోరు కింద నెత్తురు కనిపించింది కాబట్టి క్యాన్సర్ లేదనుకోవడమూ తప్పే.

ఇంట్లో మీరు గమనించగలిగినవి కొన్ని ఉన్నాయి. గీత ఒక మిల్లీమీటరు వెడల్పుతో, రెండు అంచులూ సమాంతరంగా, అంతా ఒకే రంగులో ఉంటే కొంత నిశ్చింత. 3 మిల్లీమీటర్లకు మించి ఉంటే, గోరు మొదట్లో వెడల్పుగా ఉండి కొసవైపు సన్నబడితే, లేత, ముదురు రంగులు కలగలిసి ఉంటే, నెలల్లో వెడల్పు పెరుగుతుంటే తొందరపడాలి. మొదట్లో వెడల్పు అంటే ఏమిటంటే, కుదురులో రంగు పుట్టే చోటు ఇటీవల విస్తరించిందని. కొసలో ఉన్నది ఆరు నెలల కిందటి వెడల్పు, మొదట్లో ఉన్నది ఈ వారంది. గోరు తన కథను తానే రాసుకున్నట్టు చూపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు గోటిలో ఉండదు, గోరు పక్క చర్మంలో ఉంటుంది. రంగు గోరు దాటి మొదటి మడత మీదికో, పక్క చర్మం మీదికో, కొస కింది చర్మం మీదికో పాకితే అది ప్రమాద సూచన. లండన్ శస్త్రవైద్యుడు జోనథన్ హచిన్‌సన్ 1886లోనే దీన్ని వర్ణించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. ఇందులో ఒక మోసం ఉంది. గోరు మొదట్లో ఉండే పలుచని పొర గాజులా ఉండటం వల్ల, కింది గీత దానిగుండా కనిపించి రంగు చర్మంలోకి పాకిందని భ్రమ కలిగిస్తుంది. డెర్మోస్కోప్ అనే భూతద్దంతో చూస్తేనే తేడా తెలుస్తుంది. నెత్తురైతే ఆ అద్దంలో గుండ్రటి ఊదా, ఎర్రటి చుక్కలుగా, కొసవైపు చారలుగా కనిపిస్తుంది. రంగైతే నిలువు గీతల పొందికగా కనిపిస్తుంది. నొప్పి లేని, పది నిమిషాల పరీక్ష. ఎంజీఎం ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలోనో, వరంగల్, హనుమకొండల్లో డెర్మోస్కోప్ ఉన్న చర్మ వైద్యుల దగ్గరో చూపించవచ్చు. చూశాక కూడా అనుమానం మిగిలితే కుదురు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. కొసలో కత్తిరించిన గోటి ముక్క ఒక్కటే పంపి ‘క్యాన్సర్ లేదు’ అని తేల్చడం కుదరదు. జబ్బు పుట్టేది కుదురులో కాబట్టి ముక్క అక్కడి నుంచే రావాలి.

వెళ్లేలోపు చేయాల్సింది చెబుతాను. నలుపు వెనుక అంచు దగ్గర గోటి మీద చిన్న ఆకురాయితో లోతు లేకుండా అడ్డంగా ఒక గీటు పెట్టండి. వేలు పక్కన స్కేలు ఉంచి, పగటి వెలుతురులో, ఫోనుతో ఫొటో తీయండి. రెండు వారాలకోసారి అదే చోట, అదే వెలుతురులో మళ్లీ తీయండి. నెత్తురైతే గీటు, నలుపు రెండూ కలిసి ముందుకు నడుస్తాయి. గీటు ముందుకు పోయి, నలుపు అంచు మాత్రం గోరు మొదటి దగ్గరే నిలిచిపోతే ఆ నలుపు కూడా రంగేనేమోనని అనుమానించాలి. అప్పుడు రెండు వారాలు ఆగకుండా వెంటనే వెళ్లండి. అమ్మగారి మాటను తేలిగ్గా తీసుకోకండి. ఏ పెళ్లిలోనో, పొలంలోనో ఆయన చెయ్యి కనిపించే పాత ఫొటోలు వెతకండి. ఏళ్ల కిందటి ఫొటోలో కూడా అంతే సన్నగా గీత ఉంటే అది డాక్టరుకు ఎంతో పనికొచ్చే సాక్ష్యం. ఆయన వాడే మందుల చీటీ కూడా తీసుకెళ్లండి.

పాత గోరు రానున్న వారాల్లో వదులై, కింది నుంచి కొత్తది తోసుకువస్తుంది. పత్తి ఏరేటప్పుడు, గోనె సంచులు ఎత్తేటప్పుడు దారాలకు చిక్కి సగంలో చిరిగే ప్రమాదం ఉంటుంది. పీకకండి, లేచిన అంచు వరకే కత్తిరించి, పైన ప్లాస్టరు చుట్టండి. రాత్రి ప్లాస్టరు తీసి గాలి తగలనివ్వండి. గోరు కింద తడి చేరి ఆకుపచ్చ రంగు వస్తే అది క్రిముల పని, దానికి వేరే మందు ఉంది. మళ్లీ పోటు మొదలై, వేలు ఎర్రబడి, చీము కనిపిస్తే ఆ రోజే వెళ్లండి. అప్పుడు కూడా సూది పట్టాల్సింది మీ బాబాయి గారు కాదు.